‘నీళ్లు బంద్’: ఒకే కబురు, రెండు హెడ్డింగులు

వనస్థలిపురంలో కృష్ణా పైపులైన్ మరమ్మతు, ఒకరోజు సరఫరా ఉండదు అనుకుందాం. మొదటి హెడ్డింగ్: “పైపులైన్ మరమ్మతు: వనస్థలిపురంలో రేపు ఉదయం 6 నుంచి 24 గంటలు నీళ్లు బంద్”. రెండోది: “మళ్లీ నీళ్లు బంద్! వనస్థలిపురం వాసులకు తప్పని తిప్పలు”.

ఆన్‌లైన్ పేజీలో పెడితే మొదటిదాని కింద జవాబుల్లో ఎక్కువగా ప్రశ్నలొస్తాయి. మా కాలనీ కూడా ఉందా, ట్యాంకర్ ఎలా బుక్ చేయాలి అని. ఎవరో జలమండలి నంబరు 155313 పెడతారు. రెండోదాని కింద బిల్లులు, నాయకులు, “ఓట్లప్పుడే గుర్తొస్తాం” లాంటివి మొదలవుతాయి. కారణమంతా ‘మళ్లీ’లో ఉంది. ఇది తరచూ జరిగే తప్పని ఆ ఒక్క మాట ముందే తేల్చేస్తుంది. పైగా ఎప్పుడు, ఎంతసేపు అన్నది లేదు, కాబట్టి చదివినవాడికి కోపం తప్ప పట్టుకోవడానికేమీ మిగలదు. తొలి రెండు మూడు జవాబులు తిట్లయితే తర్వాతివాళ్లూ అదే దారి పడతారు.

అయితే నిజంగా నెలలో మూడోసారైతే? అప్పుడు “నెలలో మూడోసారి” అని అంకె వేయండి. కోపం వస్తుంది, కానీ దేనిమీదో తెలిసిన కోపం.

ఏ హెడ్డింగ్‌కు ఎలాంటి జవాబులొస్తాయో పోల్చి చూడాలంటే రెండూ ఒకే పేజీలో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టకూడదు. సాయంత్రానికి కుళాయి ఆగే గడువు దగ్గరపడి చిరాకు దానంతటదే పెరుగుతుంది. ఒకే వేళ, ఒకే ఫొటోతో, పాఠకుల్ని చెరిసగం చేసి చూపాలి. జవాబుల్ని ప్రశ్న, సమాచారం, నింద అని విడదీసేవాళ్లకు హెడ్డింగ్ కనపడనివ్వొద్దు.