ఏడీహెచ్‌డీ అనుమానం: ముందు క్లాసులో మార్పులా, నేరుగా డాక్టరా?

ఒకటో తరగతి పిల్లాడు కుదురుగా కూర్చోడు, లెక్కలు సగంలో వదిలేస్తాడు. ధ్యాస నిలవక, కుదురు లేకుండా చేసే ఏడీహెచ్‌డీ ఏమోనని టీచరుగా మీకు అనుమానం. ఏం చేయాలి?

ఖర్చు: క్లాసులో మార్పులకు డబ్బు పడదు. ముందు బెంచీ, ఒకసారికి ఒకే సూచన, లెక్కలు మూడేసి ఇచ్చి మధ్యలో డస్టర్ తెమ్మని లేపడం చాలు. డాక్టరంటే ఫీజూ, తిరగడమూ.

రిస్కు: తొందరపడితే వయసు తక్కువైనందుకే ముద్ర పడొచ్చు, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో డిసెంబరులో పుట్టిన, అంటే క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లైన అబ్బాయిల్లో ఈ నిర్ధారణ జనవరి పిల్లలకంటే 30 శాతం ఎక్కువని 2012 నాటి ఒక అధ్యయనంలో తేలింది. ఆలస్యమైతే నిజంగా సమస్య ఉన్నవాడు రోజూ తిట్లు తింటాడు, అది ఇంకా అన్యాయం.

ఒక్క పీరియడ్‌లోనే ఇబ్బందైతే ముందు క్లాసు మార్చి చూడండి. ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలుగా ఇలాగే ఉండి చదువు దెబ్బతింటుంటే డాక్టర్ దగ్గరికే పంపండి, చీటీలో జబ్బు పేరు కాదు, మీరు చూసింది రాయండి.