పెద్ద బొమ్మను ముక్కలుగా ప్రింట్ చేస్తే: ఏ పిన్ పెట్టాలి, ఏ జిగురు రాయాలి?

220 మిల్లీమీటర్ల 3డీ ప్రింటర్ బెడ్ మీద 400 మిల్లీమీటర్ల పొడవున్న గుర్రం బొమ్మ పట్టదు. అందుకే పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసిన ఆ గుర్రాన్ని నడుము దగ్గర ఒకసారి, మెడ దగ్గర ఒకసారి కోశాను. రెండు అతుకులకూ ఒకే పిన్, ఒకే జిగురు సరిపోతాయనుకున్నాను. సరిపోలేదు.

ముందు పిన్ సంగతి. బొమ్మను ప్రింటుకు సిద్ధం చేసే PrusaSlicer సాఫ్ట్‌వేర్‌లో `Cut` టూల్ వాడితే `Plug`, `Dowel` అనే కనెక్టర్లు కనిపిస్తాయి. `Plug` అంటే పిన్ ఒక ముక్కకు అతుక్కునే ప్రింట్ అవుతుంది, రెండో ముక్కలో రంధ్రం ఉంటుంది. విడి భాగాలు ఉండవు కాబట్టి మొదట ఇదే సులువనిపిస్తుంది. కానీ పిన్ బయటికి పొడుచుకొచ్చిన ముక్కను కోసిన ముఖం మీద నిలబెట్టి ప్రింట్ చేయలేం. తలకిందులుగా పెడితే పిన్ నిలువుగా ప్రింట్ అవుతుంది, పొరలన్నీ అడ్డంగా పడతాయి. కాస్త పక్కకు వంగితే చాలు, మొదలంటా విరిగిపోతుంది. విరిగిన ముక్క రంధ్రంలో ఇరుక్కుంటే డ్రిల్‌తో తీయాల్సిందే.

`Dowel` లో రెండు ముక్కలకూ రంధ్రాలే ఉంటాయి, పిన్ విడిగా వస్తుంది. దాన్ని బెడ్ మీద పడుకోబెట్టి ప్రింట్ చేస్తే పొరలు పొడవునా సాగుతాయి, అంత తేలిగ్గా విరగదు. అంతకన్నా పెద్ద లాభం, రెండు ముక్కల కోత ముఖాలనూ బెడ్ మీదే ఉంచొచ్చు. బెడ్ మీద పడిన ముఖం చదునుగా వస్తుంది, అతుకు దగ్గర సందు తక్కువ. ఒక్క ఇబ్బంది ఉంది. మొదటి పొర కాస్త నలిగి బయటికి పాకడం వల్ల రంధ్రం నోరు ఇరుకవుతుంది, ముఖం అంచున సన్నని గట్టు మిగులుతుంది. రెండిటినీ బ్లేడుతో గీరేయాలి. అలా చేయకపోతే ముఖాలు పూర్తిగా ఆనవు, ఆ తప్పు జిగురుదే అనుకుంటాం.

నడుము ముఖం పెద్దది, దాదాపు 110 × 90 మిల్లీమీటర్లు. అక్కడ ఒక పిన్ 8, ఇంకొకటి 6 మిల్లీమీటర్ల లావున పెట్టాను. సైజులు వేరుగా ఉంటే ముక్కను తిప్పి పెట్టేసే ప్రమాదం లేదు. రంధ్రాలు పిన్ కన్నా 0.3 మిల్లీమీటర్లు వెడల్పు, ఒక మిల్లీమీటరు ఎక్కువ లోతు. ఆ అదనపు లోతు చాలా అవసరం. లేకపోతే అడుగున చేరిన జిగురుకు, గాలికి చోటు లేక పిన్ వెనక్కి నెట్టుకొస్తుంది.

ఇక జిగురు. నడుముకు మొదట సూపర్ గ్లూ రాశాను. పిన్ సగం దిగాక పట్టేసింది. రెండు మిల్లీమీటర్ల సందు అలాగే ఉండిపోయింది, ఎంత నొక్కినా కదల్లేదు. చివరికి పిన్ కోసి మళ్లీ చేయాల్సి వచ్చింది. సన్నటి పొరగా ఉన్నప్పుడే సూపర్ గ్లూ గట్టిగా పట్టుకుంటుంది. మామూలు రకం సందును నింపదు, ఆరాక పెళుసుగా ఉంటుంది కాబట్టి కింద పడితే అతుకు దగ్గరే చీలుతుంది.

అందుకే నడుముకు ఎపాక్సీ మేలు. ఐదు నిమిషాల రకం కాదు, అరగంట సమయమిచ్చే రకం. ముఖాలను 120 నంబర్ శాండ్‌పేపర్‌తో గరుకు చేసి, దుమ్ము తుడిచి, ఎపాక్సీ రెండు భాగాలను ప్యాక్ మీద చెప్పిన కొలతలోనే కలపాలి. అంచుకు మూడు మిల్లీమీటర్లు లోపలే ఆపి పల్చగా రాస్తే బయటికి కారదు. తర్వాత అతుకు అడ్డంగా ఉండేలా బొమ్మను నిలబెడితే పై ముక్క బరువే నొక్కి పెడుతుంది. రాత్రంతా కదిలించకూడదు.

మెడ దగ్గర ఇదే ఎపాక్సీ నాకు పనికి రాలేదు. అక్కడ కోత వాలుగా ఉంది, క్లాంపుకు పట్టు దొరకదు. జిగురు ఆరేలోపు తల బరువుకు అతుకు పైన మెల్లగా తెరుచుకుంది. ముఖం కూడా 45 × 30 మిల్లీమీటర్లే, లావు పిన్‌కు చోటు లేదు. అక్కడ రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేసి, ప్రింటర్‌లో వాడే 1.75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఫిలమెంట్ ముక్కలనే పిన్నులుగా పెట్టాను. జెల్ రకం సూపర్ గ్లూను ముఖం మధ్యలో నాలుగైదు చుక్కలు పెట్టాను, పిన్నులకు మాత్రం అంటనివ్వలేదు. అందువల్ల అవి మధ్యలో పట్టేయకుండా చివరిదాకా దిగాయి. ఒక నిమిషం చేత్తో అదిమి పట్టుకుంటే చాలు. ఎక్కువ రాస్తే అతుకు చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వస్తుంది. ముదురు రంగు ప్లాస్టిక్ మీద అది బాగా కనిపిస్తుంది, రంగు వేస్తే తప్ప పోదు.

ఎక్కడైనా జిగురు రాసే ముందు పిన్నులు పెట్టి ఒకసారి ఉత్తినే బిగించి, అతుకును దీపానికి ఎదురుగా పట్టి చూస్తాను. వెలుతురు గీత కనిపిస్తే మళ్లీ బ్లేడు పట్టాల్సిందే.