వీకెండ్ సెల్ఫ్ డ్రైవ్ కారు: రోజు అద్దె పోను బిల్లులో ఏముంటుంది?

మాకు సొంత కారు లేదు. ఊరు దాటి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా కూకట్‌పల్లిలో ఒకే చోట సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటున్నాం, చాలాకాలంగా. బండ్లకు వంక పెట్టలేను. టైర్లు, ఏసీ ఎప్పుడూ బాగానే ఉన్నాయి. చెప్పాల్సిందల్లా బిల్లు గురించే.

మొన్న శని, ఆదివారాలకు స్విఫ్ట్ తీసుకుని శ్రీశైలం వెళ్లొచ్చాం. అద్దె రోజుకు 2,400, రోజుకు 200 కిలోమీటర్లు. రెండు రోజులవీ కలిపి 400 కింద లెక్కేస్తారు, అది నాకు నచ్చింది. ఏ రోజు లెక్క ఆ రోజే తేల్చేసే చోట్లలో ఎక్కువ దూరం తిరిగిన రోజే దెబ్బ పడుతుంది. శ్రీశైలం పోనూరానూ 430 దాకా ఉంటుంది, ఆపైన శిఖరం, సాక్షి గణపతి, పాతాళగంగ తిరుగుళ్లు. మీటరు 46,310 నుంచి 46,802కి వచ్చింది. అంటే 492. పైన పడ్డ 92కి 10 రూపాయల చొప్పున 920.

ఇక పెట్రోలు. బండి ఇచ్చినప్పుడు మీటరులో 8 గీతలకు 6 ఉన్నాయి, తిరిగిచ్చినప్పుడు 4. గీతకు 600 చొప్పున 1,200 వేశారు. స్విఫ్ట్ ట్యాంకు 37 లీటర్లు, కాబట్టి రెండు గీతలంటే ఉజ్జాయింపుగా తొమ్మిదింపావు లీటర్లు. లీటరు 107 లెక్కన బంకులో పోయించుకుంటే 990 అయ్యేది. ఆ 210 తేడా వాళ్ల లాభమే. నన్నడిగితే ఈ పద్ధతిలో అసలు చిక్కు అది కాదు. గీత కచ్చితమైన కొలత కాదు. ఎత్తుపల్లాల్లో బండి ఆపితే ఒక గీత అటూఇటూ అవుతుంది. అందుకే చదునైన చోట ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కిలోమీటర్లూ గీతలూ ఒకే ఫొటోలో పడేలా వాళ్ల మనిషి ముందే తీస్తాను. ఒకసారి ఆ ఫొటో చూపించాకే ఒక గీత డబ్బులు తగ్గించారు.

మొత్తం 4,800, 920, 1,200 కలిపి 6,920. డిపాజిట్‌లో పట్టుకుని మిగతాది వేయడానికి వారం తీసుకున్నారు, అదొక చిరాకు.

వాళ్ల దగ్గరే కిలోమీటర్ల పరిమితి లేని ప్లాను రోజుకు 3,000. రెండు రోజులకు 1,200 ఎక్కువ, అంటే 120 అదనపు కిలోమీటర్ల డబ్బు. 520 దాటితేనే అది లాభం. శ్రీశైలానికి మామూలు ప్లానే చాలు. విజయవాడ వెళ్లొస్తే 540 పైనే అవుతుంది, అప్పుడు పరిమితి లేనిదే తీసుకుంటాను.

శ్రీశైలం వెళ్లేవాళ్లు బండి అప్పగించే టైము కూడా చూసుకోండి. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తే పొద్దున 6కే తీస్తారు. ఈలోపు ఇరుక్కుంటే ఆలస్యం చార్జీ గంటల లెక్కన పడుతుంది.