కొత్త అకౌంట్ మేనేజర్ వచ్చినప్పుడు: మా ట్రాన్స్‌పోర్టు కంపెనీ పంపిన ఉత్తరంపై నా సమీక్ష

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది చిన్న జీడిపప్పు యూనిట్. సరుకు ఎక్కువగా విశాఖ, హైదరాబాద్ వెళ్తుంది. ఏళ్ల తరబడి ఒకే ట్రాన్స్‌పోర్టు కంపెనీలో బుక్ చేస్తున్నాం. రేట్ల గురించి, లారీల టైమింగ్ గురించి చాలామంది రాశారు. నేను చెప్పేది వేరే సంగతి. మా ఖాతా చూసే మేనేజర్ మారినప్పుడు ఆ మాట మాకు ఎలా చెప్పారు, తర్వాత పని ఎలా నడిచింది అన్నది.

మొదటిసారి మారినప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు. పాతాయన ఫోన్ స్విచాఫ్. కొన్నాళ్లకి ఎవరో ఫోన్ చేసి, "నేను మీ కొత్త మేనేజర్నండీ, మీ పాత బాకీ ఎప్పుడిస్తారు?" అన్నాడు. నలిగిపోయిన డబ్బాలకు మేం పెట్టిన క్లెయిమ్ సంగతి ఆయనకు తెలీదు. ఫొటోలు, లారీ రసీదు అదే బిల్టీ కాపీలు అన్నీ మళ్లీ పంపాల్సి వచ్చింది.

రెండోసారి మాత్రం పద్ధతిగా చేశారు. ముందు పాత మేనేజరే ఫోన్ చేసి, "నేను వేరే జోన్‌కి వెళ్తున్నాను సార్, రేపు ఉత్తరం వస్తుంది" అని చెప్పారు. మర్నాడు మెయిల్ వచ్చింది, కొత్తావిడ పేరు కూడా అందులో కలిపి. ఆవిడ పరిచయం రెండు వాక్యాలే: ఇంతకుముందు ఏ బ్రాంచిలో బుకింగ్ చూసేవారు, ఒడియా, తెలుగు రెండూ వచ్చు అని. పొగడ్తలు లేవు. మా మున్షీకి తెలుగు వచ్చు, హమాలీల మేస్త్రీకి ఒడియానే వచ్చు. మాకు కావాల్సిన సమాచారం అదే.

తేదీలు స్పష్టంగా రాశారు. 15 దాకా పాతాయన. 16 నుంచి నెలాఖరు దాకా కొత్తావిడకి ఫోన్ చేయాలి, పాతాయన వెనక ఉంటారు. ఒకటో తేదీ నుంచి ఆవిడ ఒక్కరే. ఆ తర్వాతి పేరా నాకు బాగా నచ్చింది. పెండింగ్‌లో ఉన్న క్లెయిమ్ నంబరు, అది ఎక్కడ ఆగింది, మాకున్న 30 రోజుల క్రెడిట్, ఒప్పుకున్న రేటు, అన్నీ అక్షరాల్లో పెట్టి, "ఇందులో ఏదైనా వదిలేస్తే 20లోగా చెప్పండి" అన్నారు. మేం ఒకటి కలిపాం. శనివారాల్లో మాకు ప్యాకింగ్ ఆలస్యంగా అవుతుంది కాబట్టి లారీ సాయంత్రం ఐదు దాటాకే రావాలి. అది పాతాయన నోటి మాటగా ఇచ్చిన సర్దుబాటు, ఏ కాగితంలోనూ లేదు. ఇలాంటివే మనిషితో పాటు వెళ్లిపోతాయి.

కింద ఇంకో వాక్యం: మా బ్యాంకు ఖాతా మారలేదు, మారిందని ఎవరైనా మెసేజ్ పెడితే డబ్బు వేయకుండా ఆఫీసు పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి. మనిషి మారాడనే సాకుతోనే మోసగాళ్లు కొత్త ఖాతా నంబరు పంపుతుంటారు కాబట్టి ఇది అవసరమే.

ఇక లోపం. మేనేజర్‌తో పాటు మా ఖాతా శ్రీకాకుళం బ్రాంచి నుంచి బరంపురం బ్రాంచికి మారింది. ఉత్తరంలో ఆ ముక్క లేదు. రెండు రాష్ట్రాల్లో కంపెనీ జీఎస్టీ నంబర్లు వేరు: ఆంధ్రది 37తో, ఒడిశాది 21తో మొదలవుతుంది. మా మున్షీ అలవాటు ప్రకారం, సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు పార్ట్ ఎ లో ట్రాన్స్‌పోర్టర్ ఐడీగా 37 నంబరే వేశాడు. లారీ లోడయ్యాక బరంపురం వాళ్లు పార్ట్ బి లో బండి నంబరు ఎక్కించబోతే వాళ్ల లాగిన్‌లో ఆ బిల్లే కనిపించలేదు. ఎవరి ఐడీ వేస్తే వాళ్లకే కదా అది తెరుచుకునేది! చివరికి మా లాగిన్ నుంచే ట్రాన్స్‌పోర్టర్ ఐడీ మార్చి పంపాం. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రే, కానీ లారీ సాయంత్రం దాకా మా గేటు దగ్గరే నిలబడింది.

కొత్త బ్రాంచి కంప్యూటర్లో మేం క్యాష్ పార్టీగా ఎక్కాం, అదొక టెన్షన్. లోడింగ్‌కి ముందే డబ్బు కట్టమన్నారు. 30 రోజుల క్రెడిట్ రాసి ఉన్న ఆ ఉత్తరాన్నే తిరిగి పంపితే గంటలో సరిచేశారు. నోటి మాటే అయ్యుంటే వారం పట్టేది.

అందుకని ఐదుకి నాలుగు మార్కులు. మీకూ ఇలాంటి ఉత్తరం వస్తే, మొదటి లోడ్ ఎక్కించే ముందు బిల్లు ఏ బ్రాంచి పేరున వస్తుందో, జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు ఏవో కొత్త మేనేజర్‌ని అడిగి రాయించుకోండి.