నలుగురు తోబుట్టువుల ఇంటి పనుల చక్రం: రెండేళ్ళు దాటాక నా మాట

మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంట్లో నేను, తమ్ముడు, చెల్లి, చిన్నోడు. పాత క్యాలెండర్ అట్టతో రెండు చక్రాలు కోసి, ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో గుండుపిన్ను గుచ్చి గోడకి తగిలించాం. బయటి చక్రం మీద నాలుగు పనులు: అంట్లు తోమడం, ఇల్లు ఊడ్చి తుడవడం, వాకిట్లో కళ్ళాపి జల్లి ముగ్గెయ్యడం, కుళాయి దగ్గర నీళ్ళు పట్టడం. లోపలి చక్రం మీద మా పేర్లు. ప్రతి సోమవారం పొద్దున్నే ఒక మెట్టు తిప్పుతాం. ఇప్పటికీ వాడుతున్నాం, వాడమనే చెప్తాను, కాకపోతే అలా తిప్పినంత మాత్రాన పని సమానమైపోదు.

అంట్లతో ఏ ఇబ్బందీ లేదు. ఆదివారం చేపల పులుసు గిన్నెలంటే అందరికీ భయమే కానీ, వారానికి ఒకటే ఆదివారం కాబట్టి ఎవరి వారంలో వాళ్ళకి ఒక్కసారే తగులుతుంది, నాలుగు వారాల్లో అందరికీ సరిపోతుంది. ఇల్లు, వాకిలి రోజూ ఉండే పనులే, వాటికీ లెక్క కుదిరిపోయింది.

చిక్కల్లా నీళ్ళ దగ్గరే. మా వీధి కుళాయికి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. అంటే ఒక వారం సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు, నాలుగు సార్లు. తర్వాతి వారం మంగళ, గురు, శనివారాలు, మూడే సార్లు. ఒకసారి పడితే ఏమవుతుందిలే అనుకోవచ్చు, కానీ బిందెలూ డ్రమ్మూ వంటింటి తొట్టీ నింపేసరికి నడుం పట్టేస్తుంది. కొన్ని నెలలు గడిచాక చెల్లి క్యాలెండర్ పట్టుకొచ్చి, "అక్కా, నీకూ నాకూ ఎప్పుడూ నాలుగు సార్లే వస్తోంది, వాళ్ళిద్దరికీ ఎప్పుడూ మూడే, చూడు" అంది. చూస్తే నిజమే. వరసలో మొదట నేను, తర్వాత తమ్ముడు, మూడోది చెల్లి, నాలుగు చిన్నోడు. నాలుగు వారాలంటే 28 రోజులు, సరిసంఖ్య, అందుకని ఐదో వారం మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు కూడా మొదటి వారంలాగే సోమవారమే మొదలవుతాయి. ఇది ఎన్నేళ్ళు తిప్పినా మారదు. ఎనిమిది వారాల్లో నాకూ చెల్లికీ ఎనిమిదేసి సార్లు, మగపిల్లలకి ఆరేసి సార్లు. ఎవరూ కావాలని చేసింది కాదు, అయినా చెల్లికి కడుపు మండింది, మండాల్సిందే.

వారానికి బదులు రోజూ తిప్పితే ఇంకా అన్యాయం. నీళ్ళొచ్చే రోజులు ఇద్దరికే తగులుతాయి, మిగతా ఇద్దరి నీళ్ళ వంతు ఎప్పుడూ కుళాయి రాని రోజే పడుతుంది.

మేము చేసిన మార్పు చిన్నది. నాలుగు వారాలు అయ్యాక ఐదో సోమవారం ఒక మెట్టు కాకుండా రెండు మెట్లు తిప్పుతాం. అప్పుడు నీళ్ళు నాకు కాకుండా తమ్ముడికి వెళ్తాయి, అతనికి ఈసారి నాలుగు. ఆరో వారం చెల్లికి మూడు, ఏడో వారం చిన్నోడికి నాలుగు, ఎనిమిదో వారం నాకు మూడు. ఎనిమిది వారాలకి అందరికీ ఏడేసి సార్లు. మళ్ళీ తొమ్మిదో వారం రెండు మెట్లు.

మీ ఇంట్లో ముగ్గురే ఉంటే ఈ రెండు మెట్ల గొడవ అక్కర్లేదు. మూడు వారాలంటే 21 రోజులు, బేసి, కాబట్టి రెండో చుట్టులో నీళ్ళ రోజులు వాటంతటవే తారుమారవుతాయి. అదే నీళ్ళు మూడు రోజులకోసారి వచ్చే వీధిలో అయితే ఉల్టా: ముగ్గురికి ఇరుక్కుపోతుంది, నలుగురికి ఇరుక్కోదు. చుట్టు మొత్తం రోజుల్ని నీళ్ళ మధ్య ఎడంతో భాగించి చూడండి, శేషం లేకుండా పోయిందంటే వంకర అలాగే ఉండిపోతుంది.

ఎండాకాలం కాలువలు కట్టేశాక కుళాయి వరస తప్పుతుంది, పైపు పగిలినా అంతే. అందుకే నీళ్ళు పట్టినవాళ్ళు క్యాలెండర్‌లో ఆ తేదీ మీద తమ పేరులో మొదటి అక్షరం రాయాలి. ఎనిమిది వారాలకోసారి లెక్కపెట్టి, తేడా ఒకటి దాటితే తక్కువ పట్టినవాళ్ళు ముందు పడతారు. చక్రం కంటే ఆ అక్షరాలనే నేను ఎక్కువ నమ్ముతాను.

ఊరెళ్ళినవాళ్ళ పని ఇంకొకరు చేస్తే బాకీ. అంట్ల బాకీ అంట్లతోనే తీరాలి, ముగ్గు చెల్లదు. ఆదివారం గిన్నెల దగ్గర ఇంకాస్త గట్టిగా ఉంటాం, ఎందుకంటే కార్తీకమాసంలో మా ఇంట్లో నీచు వండరు, పులుసు గిన్నెల బాకీని పప్పు గిన్నెలతో తీర్చేస్తానని తమ్ముడు బేరం పెట్టాడు. ఒప్పుకోలేదు. చేపల ఆదివారం బాకీ, కార్తీకం వెళ్ళాక వచ్చే చేపల ఆదివారమే తీరుతుంది.