ఫ్యూజు మారిస్తే సరిపోతుందా, వైరింగ్ అంతా తీసేయాలా: ఏది మేలు?

మా పెద్దమ్మ వాళ్ల ఇంటికి రెండు వాటాలు. ముందు వాటా 1966లో కట్టింది. గోడల మీద టేకు బద్దీలు, వాటి మీద క్లిప్పులతో బిగించిన రబ్బరు వైర్లు. వెనక వంటగది, స్నానాల గది 1995లో కలిపారు, అక్కడివి పీవీసీ వైర్లు. వారంలో రెండుసార్లు ఫ్యూజు పోతోందని, వెనక వాటా వైరింగ్ మొత్తం మార్పించాలని పెద్దమ్మ పట్టు. ముందు వాటాకు ఏ ఢోకా లేదని ఆమె ధీమా. తీరా చూస్తే అంతా తిరగబడింది.

ముందు వెనక వాటా సంగతి. పోయిన ఫ్యూజు ఊడదీసి చూస్తే తీగ మధ్యలో కరిగి తెగింది, పింగాణీ మాత్రం తెల్లగానే ఉంది. షార్ట్ అయితే తీగ ఒక్కసారిగా పేలిపోయి, పింగాణీకి నల్లటి మసి, కరిగిన రాగి చుక్కలు అంటుకుంటాయి. ఇక్కడ అవేమీ లేవు, అంటే లోడు ఎక్కువై కాసేపు వేడెక్కి కరిగిందన్నమాట. ఎప్పుడు పోతోందని అడిగితే, పొద్దున్నే అంది. ఆ వేళకు 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు, ఇండక్షన్ స్టవ్ 8, మిక్సీ 3 లాగుతున్నాయి. మొత్తం 20 ఆంపియర్లు, అన్నీ ఒకే లైను మీద, ఫ్యూజులో ఉన్నది 10 ఆంపియర్ల తీగ. పోక ఏం చేస్తుంది? బోర్డు విప్పి వైరు వంచి చూశాం, మెత్తగా వంగింది, ఎక్కడా చిట్లలేదు. గీజర్‌కీ స్టవ్‌కీ మెయిన్ నుంచి విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఒక్కోదానికి లోడు మించితే దానంతటదే పడే ఎంసీబీ స్విచ్చు ఒకటి వేస్తే పనైపోయింది. అక్కడ పాత వైర్లు తీయాల్సిన అవసరమే లేదు.

ముందు వాటాలో ఫ్యూజు పోయి ఏళ్లయిందట. ఎందుకు పోలేదో ఫ్యూజు లాగి చూస్తే తెలిసింది. ఎవరో మామూలు వైరులోని రాగి పోగులు మూడు నాలుగు మెలిపెట్టి చుట్టారు! ఆ ఫ్యూజు కరిగేలోపు గోడ మీది వైరు కాలిపోతుంది.

హాల్లో సీలింగ్ రోజ్ మూత తీసి వైరును వేలితో తాకితే రబ్బరు పొడిపొడిగా రాలింది. ఇంతమాత్రానికే వైరింగ్ పోయిందనుకోకూడదు. బల్బు వేడికి చివర్లు ముందుగా పెళుసెక్కుతాయి. పెళుసు చివర్లలోనేనా, లోపలిదాకా ఉందా అన్నదే అసలు ప్రశ్న. చివర మాత్రమే అయితే ఆ మేరకు కత్తిరించి, మంచి భాగం దగ్గర మళ్లీ కనెక్షన్ ఇచ్చి కొన్నాళ్లు నడపొచ్చు. అందుకని మెయిన్ ఆపి, వేడి తగలని చోట, గోడ మధ్యలో ఒక క్లిప్పు విప్పి చూశాం. కాస్త వంచగానే అక్కడా చిట్లి, లోపలి రాగి కనిపించింది.

వైరు తొడుగు కరెంటును ఎంత గట్టిగా ఆపుతోందో కొలిచే మెగ్గర్ పరీక్ష సరిగ్గా వస్తే చాలు కదా అని పెద్దమ్మ కొడుకు అడిగాడు. అది ఎండాకాలం. బల్బులు, ప్లగ్గులు అన్నీ తీసి 500 వోల్టులతో చూస్తే 6 మెగోమ్‌లు వచ్చింది. కనీసం 1 ఉండాలి కాబట్టి పాసైనట్టే. కానీ చిట్లిన చోట తేమ లేకపోతే మధ్యలో గాలే తొడుగులా పనిచేస్తుంది, రీడింగ్ బాగానే వస్తుంది. జూలైలో నాలుగు రోజుల ముసురు తర్వాత అదే లైను 0.2 చూపింది. పాత రబ్బరు వైరును పరీక్షించాలంటే వానాకాలంలోనే పరీక్షించాలి.

వైర్లు అలాగే ఉంచి ఎంసీబీలు, ఆర్‌సీసీబీ పెడితే ఖర్చు తగ్గుతుందని ఎలక్ట్రీషియన్ అన్నాడు. వైర్లు బాగున్న ఇంట్లో అయితే నేనూ అదే అంటాను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కరెంటు బయటికి లీకైతే పడిపోతుంది, మనిషికి షాక్ కొట్టినప్పుడు ఆపుతుంది, అది ప్రాణం కాపాడే వస్తువు. కానీ ఫేజు, న్యూట్రల్ వైర్ల మధ్యే నిప్పురవ్వలు లేస్తుంటే అది కనిపెట్టలేదు. ఎంసీబీ కూడా కరెంటు పరిమితి దాటితేనే పడుతుంది. కింద ఉన్నదేమో ఎండిన టేకు బద్దీ. పైగా వానాకాలంలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతుంటే విసుగెత్తి ఎవరో ఒకరు దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తారు. ఫ్యూజులో పోగులు చుట్టింది కూడా అలాంటి విసుగుతోనే కదా.

సగం గదులకు కొత్త వైర్లు, సగానికి పాతవి అన్న ఆలోచన కూడా వచ్చింది. ముట్టుకుంటే రాలే వైరుకు కొత్త వైరు జాయింట్ వేయాలంటే దాన్ని వంచాలి, చివర గీకాలి. ఆ పనిలోనే ఇంకో మూర పాడవుతుంది.

చివరికి ముందు వాటా మొత్తం మార్పించాం. బద్దీలు తీసేసి గోడ పగలకొట్టకుండా పైనే పీవీసీ పైపులు, లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, అన్నిటికీ ఎర్త్ వైరు, మెయిన్‌లో ఆర్‌సీసీబీ. హాల్లో తీసిన పాత వైర్లలో స్విచ్‌బోర్డు వెనకది ఒకటి దాచాను. అరంగుళం మేర రబ్బరు నల్లగా మాడి, కింది చెక్క మీద బొగ్గు గీత పడి ఉంది.