నాలుగేళ్లుగా ఆరొందల క్లిప్ లెన్సుతో రాళ్లు చూస్తున్నాను

పర్లాకిమిడిలో మా మావయ్య నగల కొట్టులో లెక్కలు రాస్తాను. రత్నశాస్త్రం చదవలేదు. కానీ గుణుపురం నుంచి, కాశీనగర్ నుంచి, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి మాకు వాట్సాప్‌లో ఫోటోలు వస్తూనే ఉంటాయి: "ఇది వజ్రమేనా, అమెరికన్ డైమండా, ఉత్త గాజా?" ఆ ప్రశ్న తట్టుకోలేక నాలుగేళ్ల కిందట ఫోన్ కెమెరాకి తగిలించే ఒక మాక్రో లెన్సు ఆరొందలకి కొన్నాను. పెట్టె మీద పదిహేను రెట్లు అని రాసి ఉంటుంది. అంత కనిపించదు గానీ, మూడు మిల్లీమీటర్ల రాయి తెర నిండా వస్తుంది. అది చాలు.

ముందుగా ఒక మాట. మెరుపు చూసి చెప్పేద్దాం అనుకుని మొదటి ఆర్నెల్లు తప్పులే చేశాను. ఒకావిడ పంపిన ముక్కుపుడక ఫోటోలో రాయి మబ్బుగా, వెనక బంగారం కనిపిస్తూ ఉంటే గాజు అన్నాను. ఆవిడ కొట్టుకి తెచ్చాక, వజ్రాన్ని తాకితే కూసే టెస్టర్ పెడితే కూత వేసింది. వజ్రమే. పసుపు, నూనె, చెమట కలిసి రాయి వెనక పొరలా పట్టేసి ఉన్నాయి. లోపలికి వెళ్లిన వెలుగు తిరిగి పైకి రావాలంటే రాయి అడుగు భాగం శుభ్రంగా ఉండాలి. అందుకని ఇప్పుడు ఎవరడిగినా ముందు గోరువెచ్చని సబ్బు నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి అప్పుడు తీయమంటాను. ఒక్క మినహాయింపు: వెనక మూసేసి, రాయి కింద రేకు పెట్టిన పాత నగలు. వాటిలోకి నీళ్లు దిగితే రేకు నల్లబడిపోతుంది. వాటిని పొడి గుడ్డతో తుడిచి ఊరుకోవాలి.

ఈ లెన్సు విలువ తెలిసింది మా పిన్ని ఏడు రాళ్ల కమ్మలతో. అవి వాళ్ల అత్తగారివి. పన్నెండేళ్ల కిందట ఒక రాయి ఊడిపోతే బయట ఒక కొట్టులో వేయించారు. "మళ్లీ వజ్రమే వేశామన్నారు నాన్నా, డబ్బులు కూడా దానికే తీసుకున్నారు. ఏ చెవిదో కూడా నాకు గుర్తులేదు, ఏటి చూస్తావో చూడు" అంది పిన్ని. పద్నాలుగు రాళ్లు, ఒకే నగ, ఒకే వెలుగు. ఫోటోలో పోల్చి చూడ్డానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడకుండా తీస్తే పద్నాలుగూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. టార్చి వెలుగులో తీస్తే ఎడమ కమ్మలో, నడిమి రాయి చుట్టూ ఉన్న ఆరింటిలో ఒకటి మాత్రం ఇంద్రధనుస్సులా మిగతావాటికన్నా ఎక్కువ రంగులు చిమ్మింది. అమెరికన్ డైమండ్, అంటే క్యూబిక్ జిర్కోనియా, వెలుగును రంగులుగా విడదీయడంలో వజ్రాన్ని మించిపోతుంది. లెక్కల్లో చెప్పాలంటే వజ్రానిది 0.044, దీనిది 0.06 దరిదాపుల్లో ఉంటుంది. స్ఫటికానిది, అంటే క్వార్ట్జ్‌ది, 0.013 మాత్రమే, అందుకే అందులో రంగులు దాదాపు కనబడవు. అయినా ఈ ఒక్క ఆధారంతో నేను మాట ఇవ్వలేదు, ఎందుకంటే రాయి కొంచెం వంగి కూర్చున్నా రంగుల తీరు మారిపోతుంది.

తర్వాత కోత చూశాను. పదమూడు రాళ్లూ చేత్తో చెక్కిన పాత కోత. గుండ్రం సరిగ్గా లేదు, పై పలక చిన్నది, మధ్యలోంచి చూస్తే అడుగు కొసను కూడా చదును చేసి వదిలేసిన చిన్న కిటికీలాంటిది కనిపిస్తుంది. అనుమానమున్న రాయికి ఆ కిటికీ లేదు, కొస సూదిలా ఉంది, కోత కూడా ఈ కాలపు గుండ్రటి కోత. దీనితో తేలింది ఒకటే: అది తర్వాత వేసిన రాయి. కొత్త కోత వజ్రం కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ఆ కొట్టువాళ్లని ఇంకా ఏమీ అనలేం.

అసలు విషయం అంచుల్లో బయటపడింది. రెండు పలకలు కలిసే గీతనే అంచు అంటున్నాను. కమ్మను మెల్లగా తిప్పుతూ పోతే ఒక పలక అద్దంలా ఒక్కసారి తళుక్కుమంటుంది. సరిగ్గా అక్కడ ఆపి తీయాలి. వజ్రంలో ఆ వెలుగు అంచు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. అరిగిన రాయిలో అలా ఆగదు. అంచు గుండ్రబడి ఉంటుంది కాబట్టి అక్కడ సన్నటి తెల్ల దారంలా ఒక గీత మెరుస్తుంది, దాని వెంట చిన్న చిన్న నొక్కులు కూడా ఉంటాయి. పిన్ని అత్తగారి కాలంనాటి పదమూడు రాళ్లకీ అంచులు పదునుగా ఉన్నాయి. పన్నెండేళ్ల కిందట వేసిన కొత్త రాయి అంచులు అరిగిపోయాయి! వజ్రం గట్టితనం 10, జిర్కోనియాది 8 నుంచి 8.5. రెండు కమ్మలూ ఒకే పెట్టెలో పడి రాసుకుంటుంటే వజ్రం దాన్ని గీరేస్తుంది. గాజుదైతే 5, 6 కాబట్టి ఇంట్లో దుమ్ములో ఉండే ఇసుక కూడా దాని అంచులు తినేస్తుంది.

ఇక్కడ ఫోన్ ఒక మోసం చేస్తుంది, జాగ్రత్త. చాలా ఫోన్లు బొమ్మను తమంతట తామే పదును చేసి, ప్రతి అంచుకీ తెల్ల గీత తగిలిస్తాయి. అదే తెల్ల గీత రాయిని పట్టి ఉంచే బంగారు గోళ్ల చుట్టూ కూడా ఉంటే అది ఫోన్ పనే. రాయి మీద మాత్రమే ఉంటే నిజం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో అంచులు నలిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి.

చివరిగా లోపలి మచ్చలు. పదమూడింటిలో ఎనిమిదింటికి ఏదో ఒకటి కనిపించింది: ఈకలాంటి తెల్లటి చీలిక, కోణాలున్న నల్ల చుక్క. పద్నాలుగోది కడిగిన గ్లాసులా ఉంది. మచ్చ లేకపోతే వజ్రం కాదని కాదు, శుభ్రమైన వజ్రాలు కూడా ఉంటాయి. కానీ గుండ్రటి గాలిబుడగ కనిపిస్తే అది చాలావరకు గాజే, పానకంలో తీగల్లా మెలికలు కూడా ఉంటే ఇంక సందేహం అక్కర్లేదు. రాయి మీద దుమ్మును లోపలి మచ్చ అనుకోకుండా ఉండాలంటే తుడిచి ఇంకో ఫోటో తీయాలి. చోటు మారితే దుమ్ము.

అంతా అయ్యాక, రాయిలోంచి వేడి ఎంత త్వరగా పోతుందో చూసే ఉష్ణం టెస్టర్ పెట్టాం. పదమూడుసార్లు కూత వేసింది, ఆ ఒక్క రాయి దగ్గర నోరు మెదపలేదు.

ఈ లెన్సుతో నాకు చేతకానివి రెండు. ల్యాబ్‌లో పెంచిన వజ్రం ఫోటోలో మామూలు వజ్రమే, ఎవరైనా చూసి చెప్తానంటే నమ్మకండి. వజ్రంలా కనిపించే ఇంకో రాయి మొయిసనైట్. దానికైతే ఉష్ణం టెస్టర్ కూడా కూత వేసేస్తుంది. పై పలకను కొంచెం వంచి లోపలికి చూస్తే వెనక అంచులు రెండేసి గీతలుగా కనిపిస్తాయి గానీ, చిన్న రాళ్లలో అది పట్టుకోవడం నావల్ల ఎప్పుడో ఒకసారే అయింది. అందుకని ఫోటో చూసి "ఇది వజ్రం కాదు" అని అంటానేమో గానీ, "ఇది వజ్రం" అని ఇప్పటిదాకా ఎవరికీ రాసివ్వలేదు.

లెన్సు క్లిప్ రబ్బరు రెండో ఏడాదికే ఊడింది, సైకిల్ ట్యూబ్ ముక్క అంటించాను. ఫోటో అంచులు మసకగా వస్తాయి కాబట్టి రాయిని సరిగ్గా మధ్యలో పెట్టుకోవాలి. ఆరొందలకి నాకు ఫిర్యాదు లేదు.

పిన్ని ఆ రాయి మార్పించలేదు. ఆ రాయి వేసిన కొట్టు ఎప్పుడో మూసేశారు. ఇప్పుడు ఎవరైనా కమ్మలు బాగున్నాయంటే ఎడమ చెవి ముందుకి పెట్టి, "వీటిలో దొంగ ఎవడో చెప్పండి చూద్దాం" అంటుంది.